గోడకు అంటుకున్న బంతి

మాదాపూర్ ఆఫీసులో నా పక్క సీటు ఆయనది. వరంగల్ వైపు మనిషి, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఒక రోజు పొద్దున గుండెపోటుతో పోయాడు. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. కోడ్ రాసి పంపే ముందు అటు తిరిగి చూడటం మాత్రం నేను మానలేకపోతున్నాను.

ఎందుకంటే ఆయన చూడకుండా మా కోడ్ ఏదీ బయటికి వెళ్లేది కాదు. వెబ్ పేజీ మీద బొమ్మలు గీసే కాన్వాస్‌లో ఎగిరే బంతిని మొదటిసారి నేను రాసినప్పుడు మొహం మీదే తిప్పికొట్టాడు. "ఏంది తమ్మీ గిది? బంతి గోడ దాటితే దిశ మారుస్తున్నవు, మంచిదే. కానీ మిషన్ జర నెమ్మదిస్తే ఒక్క అడుగు పెద్దగ పడి చాలా బయటికి పోతది. మళ్ల వేసే చిన్న అడుగుకు లోపలికి రాదు. ఇంకా బయటే ఉన్నదని నీ కోడ్ మళ్ల తిప్పుతది. ఇగ గోడకాన్నే వణుక్కుంట కూసుంటది." గోడ దాటిన బంతిని ముందు గోడ అంచు దగ్గర పెట్టాలి, తర్వాత లోపలి వైపే నడిపించాలి అని దగ్గరుండి దిద్దించాడు. అంత చండశాసనుడు.

ఆదివారం మధ్యాహ్నం వదిన ఫోన్ చేసి పుప్పాలగూడ ఫ్లాట్‌కు రమ్మంది. హాల్లో పాత లాప్‌టాప్ ముందు వాళ్ల చిన్న కూతురు కూర్చుని ఉంది. తెర మీద నీలం చతురస్రం ఇల్లు, దాని మీద ఎర్ర త్రిభుజం కప్పు, చుట్టూ ఎగిరే పసుపు బంతి. పాప కోసం ఆయన చేసిన పేజీ అది.

"తమ్మీ, అది గోడకు ఇరుక్కుంటది. ఇరుక్కున్నప్పుడల్లా ఈ పిల్ల నాన్నా అని కేక పెడ్తది. వినలేకపోతున్న, పరేషాన్ అయితున్న. జర బాగు చెయ్యవా?"

"చూస్తానండి వదినా."

నేను చూస్తుండగానే బంతి కుడి గోడకు సగం మునిగింది. వణుకుతూ, గోడ వెంట పైకీ కిందికీ జారుతోంది. ఆయన నన్ను తిట్టిన తప్పే ఇది! కోడ్ తెరిస్తే మిగతాదంతా ఆయన పనితనమే. నిజానికి తెర మీద ఏదీ కదలదు. ప్రతి క్షణం పాత బొమ్మనంతా తుడిచేసి, ఇల్లూ కప్పూ బంతీ మళ్లీ కొత్తగా గీయాలి. తుడవకపోతే బంతి తిరిగిన చోటల్లా పాత బంతులు మిగిలిపోతాయి. ఆయన శుభ్రంగా తుడిచాడు. గోడ దగ్గర మాత్రం నాకు చెప్పిన ఆ దిద్దుబాటు లేదు.

ఇలా ఎలా రాశాడని లోపల చిరాకుపడ్డాను కూడా. తప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. గోడకో రెండు వరుసలు చేర్చి పేజీ మళ్లీ తెరిచాను. బంతి గోడను తాకింది, చక్కగా తిరిగొచ్చింది. ఇక ఎంతసేపు చూసినా ఎక్కడా ఆగలేదు. వదిన కళ్లు తుడుచుకుని చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్లింది.

పాప మాత్రం కుడి గోడ మీంచి చూపు తియ్యలేదు.

"బాబాయ్, ఇగ ఇరుక్కోదా?"

"ఇరుక్కోదు తల్లీ. బాగైపోయింది."

"ఇరుక్కుంటే నాన్న వస్తుండె. ఆఫీస్ ఫోన్ల ఉన్నా వస్తుండె. బంతిని ఇట్ల గిల్లి గుంజుతుండె." రెండు వేళ్లతో గోడ మీద నుంచి లాగి చూపించింది. పాప చూడకుండా రెండో చేత్తో ఆయన పేజీని రిఫ్రెష్ చేసి ఉంటాడు. "ఇరుక్కోకపోతే నాన్నను ఏం చెప్పి పిలవాలె?"

ఆయనకు ఆ తప్పు తెలియక కాదు. తెలిసే వదిలేశాడు. పక్క గదిలో ఆయన ఇప్పుడే కుర్చీ జరిపి లేచినట్టనిపించి, తల తిప్పడానికి భయం వేసింది.

వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. అంతా వింది.

"ఎప్పటి లెక్కనే పెట్టు తమ్మీ," అంది.

నేను రాసిన వరుసలు చెరిపేశాను. ముగ్గురం బంతినే చూస్తూ ఉన్నాం. చాలాసేపటికి అది కుడి గోడకు అంటుకుని వణకడం మొదలుపెట్టింది.

"నాన్నా! ఇరుక్కుంది!"

పాప పక్క గది తలుపు వైపు చూస్తోంది. నేనూ అటే చూశాను.

"వస్తున్న బిడ్డా," అంటూ వదిన వచ్చి, తెర మీద రెండు వేళ్లు ఆనించింది.