మంచం దిగిన వారానికే తీసిన కొలత

జబ్బుపడి లేచినవాడికి దర్జీ ఎప్పుడూ టేపు పెట్టేవాడు కాదు. "ముందు ఒళ్లు చేసి రా, అప్పుడు కొలుస్తా" అని తిప్పి పంపేవాడు. అలాంటివాడు గుండెపోటు వచ్చిన వారానికే, డాక్టరమ్మకు చెప్పకుండా కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకున్నాడు. అంకె తక్కువ వచ్చేసరికి మాత్రలు అటకెక్కించాడు.

రెండు నెలలు దాటాక డాక్టరమ్మ చేయించిన పరీక్షలో అంకె కొండెక్కి కూర్చుంది.

"గుండెపోటు, ఆపరేషన్, పెద్ద జబ్బు, ఏదొచ్చినా కొన్ని వారాలు కొలెస్ట్రాల్ దానంతటదే తగ్గి కనిపిస్తుందండీ. అందుకే రెండు నెలలు ఆగమన్నాను. మాత్రలు వేసుకుంటున్నారుగా?"

దర్జీ జేబులోంచి పాత రిపోర్టు తీసి బల్ల మీద పెట్టి, అది చూసే మాత్రలు మానేశానన్నాడు.

"జ్వరమొచ్చినవాడి కొలతతో చొక్కా కుట్టేశావు కదయ్యా!" అంది పక్కనే కూర్చున్న భార్య.

పొద్దుటినుంచీ ఎడమ చెయ్యి లాగుతోందని అతను ఇంకా ఎవరికీ చెప్పలేదు.