చీటీ వచ్చాక నేను చెప్పని మాట

నాకు జరిగిన అవమానాలను నేను మరిచిపోను. మేడ్చల్ దగ్గర మా నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరిన మొదటి నెలలోనే నా కుర్చీని స్టోర్‌రూమ్‌లో వేయించింది ఎవరో ఇప్పటికీ చెప్పగలను. కానీ ఈ ఒక్క సంగతిలో ఎవరి మీద ఫిర్యాదు చేయాలో నాకింకా తేలలేదు.

నేను చేరిన రెండేళ్లకు, కొత్త విద్యార్థినులు దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే సభకు ఒక పెద్ద గుండె సర్జన్ ముఖ్య అతిథిగా ఒప్పుకున్నారు. ఆయన్ను టీవీలో చూడనివాళ్లు మా మేడ్చల్ వైపు లేరు. ఆయన్ను సభకు పరిచయం చేసే పని నాకంటే నాకని పోటీపడి ప్రిన్సిపల్, వైస్ ప్రిన్సిపల్ వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఇద్దరికీ కాకుండా, ట్యూటర్లందరిలో చిన్నదాన్నని నాకిచ్చారు.

వైస్ ప్రిన్సిపల్ మేడమ్ రెండు పేజీల కాగితం నా ముందు పెట్టింది.

"గిది సదువు. షురూలనే 'ఇంత గొప్పాయన్ని పరిచయం జేసే అర్హత నాకు లేదు' అను. ఎనుక అపర ధన్వంతరి అను."

"అర్హత లేకుంటే మైకు ముందల ఎందుకు నిలబడ్డదని పిల్లలు అడగరా మేడమ్?"

"అబ్బో! సర్వీసు రెండేండ్లు, నోరు ఇరవై ఏండ్లది."

ఆ మాట కూడా గుర్తుంది. అయినా నేను తగ్గలేదు. వచ్చేవాళ్లకు ఆయన ఎవరో ముందే తెలుసు. నర్సులు కాబోయే పిల్లలు ఆయన మాట ఎందుకు వినాలో చెబితే చాలు. బిరుదులన్నీ కొట్టేసి, రెండు నిమిషాలకు సరిపడా ఒక కార్డు మీద రాసుకున్నాను. వివరాలు సరిచూసుకుందామని ఆయన ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఆశ్చర్యంగా ఆయనే మాట్లాడారు. నేను రాసింది చదివి వినిపించాను.

"బాగుందమ్మా. ఒక్కటి కలపగలరా? నేను కొత్తగా ఆపరేషన్లు చేస్తున్న రోజుల్లో, ఒకసారి ఛాతీ మూయబోతుంటే నర్సు 'రక్తం అద్దిన గాజుగుడ్డల్లో ఒకటి లెక్క తక్కువుంది సార్, కుట్టొద్దు' అంది. నాకంటే చిన్నది. అందరి ముందూ అరిచాను. ఆమె సూది నా చేతికివ్వలేదు. వెతికితే ఛాతీ లోపలే దొరికింది. ఆమె పోయిన నెల చనిపోయింది. మీ కాలేజీకి వస్తున్నది ఆమె కోసమే."

"మీరే చెప్తే పిల్లలకు ఇంకా బాగుంటది గద సార్?"

"నేను మొదలుపెడితే గొంతు రాదు. మీరు చెప్పి కూర్చోండి. మిగతాది నేను లేచి మాట్లాడతాను."

కార్డు చివర ఆ సంగతి రాసుకున్నాను.

సభ రోజు కార్డు పట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. నాకు అర్హత లేదని అనలేదు. ఆయన ఎక్కడ చదివారో, ఏ పని చేస్తారో, ఆపరేషన్ థియేటర్‌లో నర్సు పనిని ఎలా చూస్తారో చెప్పాను. పిల్లలు కదలకుండా వింటున్నారు. ఇక చివరి సంగతి చెప్పాలి. అప్పుడే వైస్ ప్రిన్సిపల్ పక్కకొచ్చి ఒక చీటీ పెట్టింది. కాలేజీ పెట్టిన కరస్పాండెంట్ సారు చేతిరాత. 'అవార్డులన్నీ చెప్పు. అపర ధన్వంతరి అను. జల్దీ.'

"సారు నిన్నే సూస్తున్నడు," అంది చెవిలో.

చూశాను. నిజంగానే చూస్తున్నారు. వచ్చే నెలలో నా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

చీటీ చదివాను. అపర ధన్వంతరి అనగానే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లలోనే వైస్ ప్రిన్సిపల్ మైకు లాక్కుని, "ఇగ సార్ మాట్లాడుతరు," అంది. ఒక్క నిమిషం అని నేను అనొచ్చు. అనలేదు. కార్డు చేతిలో పట్టుకుని కిందికి దిగాను.

ఆయన లేచి, నా వైపు ఒకసారి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఉప్పు తగ్గించడం గురించి, నడక గురించి పది నిమిషాలు మాట్లాడారు. నర్సుల మాట ఎత్తలేదు.

కారు దగ్గరికి పరుగెత్తాను. "సార్, తప్పయింది..."

"పర్లేదమ్మా. చీటీ రావడం నేనూ చూశాను."

అంతే. కారు వెళ్లిపోయింది. వెనక నుంచి కరస్పాండెంట్ సారు, "మస్తు జెప్పినవ్ బిడ్డా," అన్నారు. నా కాంట్రాక్టు పొడిగించారు.

కుర్చీ తీయించినవాళ్లను క్షమించలేదు. చీటీ రాసినాయన్ని, తెచ్చినామెను కూడా క్షమించలేదు. కానీ చదివింది మాత్రం నేను.

ఇప్పుడు ప్రాక్టికల్స్‌లో గాజుగుడ్డల లెక్క నేర్పేది నేనే. ఒకటి తక్కువైతే ఏం చేయాలి మేడమ్ అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. డాక్టరు ఎంత అరిచినా కుట్టనివ్వొద్దు అని చెప్తాను. అలా కుట్టనివ్వని ఒకామె సంగతి కూడా చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. అక్కడికొచ్చేసరికి నా గొంతు కూడా రాదు.