అత్తయ్య గుప్పెడు

మా మామయ్య తూనికలు-కొలతల శాఖలో ముప్పైరెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. బజారులో ఆయన నడిచొస్తుంటే కొట్లవాళ్ళు త్రాసు పళ్ళేలు తుడిచి పెట్టుకునేవాళ్ళట. ఈ మాట మాకు చెప్పింది ఆయనే కాబట్టి కొంత తరుగు తీసి నమ్మాలి. అందరం ఆయన్ని త్రాసు అనేవాళ్ళం. చాటుగా అంటున్నామనుకునేవాళ్ళం గాని ఆయనకి తెలుసు, పైగా ఇష్టం కూడా.

అంతటి మనిషిని నాలుగు ఇడ్లీలు ముప్పుతిప్పలు పెట్టాయి.

చక్కెర జబ్బు వచ్చి కొన్నేళ్ళయింది. ఈ మధ్యే తిండికి ముందు ఇన్సులిన్ వేసుకోమన్నారు. పళ్ళెంలో పిండిపదార్థం ఎన్ని గ్రాములుందో లెక్కగట్టి దానికి సరిపడా మందు. ఎవరికైనా ఇది తలనొప్పి, ఆయనకి మాత్రం పోయిన ఉద్యోగం తిరిగొచ్చినంత సంబరం. వంటింట్లోకి ఎలక్ట్రానిక్ త్రాసు వచ్చింది. దాని కచ్చితత్వం పరీక్షించడానికి పాత తూనికరాళ్ళు అటక మీంచి దిగాయి. ఒక నోటుపుస్తకం మొదలైంది.

ఆయన పద్ధతికి వంక పెట్టలేం. బియ్యం ఆరువందల గ్రాములు, మినప్పప్పు రెండువందలు, నానబెట్టకముందే పొడిగా తూచేవాడు. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు డెబ్భై ఎనిమిది, ప్రొటీన్ ఏడు. పప్పులో యాభై తొమ్మిది, ఇరవై నాలుగు. మొత్తం పిండిపదార్థం ఐదువందల ఎనభై ఆరు, ప్రొటీన్ తొంభై, కొవ్వు ఆరు దాటదు. రుబ్బాక గిన్నె బరువు తీసేసి పిండి తూస్తే రెండుంపావు కిలోలు. ఇడ్లీకి యాభై గ్రాముల పిండి చొప్పున వేస్తే ఒక్కోదానిలో పదమూడు గ్రాములు. ఎనభై గ్రాముల దోసెకి దాదాపు ఇరవై ఒకటి, పైన చెంచాడు నూనెకి ఐదు గ్రాముల కొవ్వు. నూనె చెంచాని కూడా తూచాడు, అత్తయ్య చెప్పింది.

నాలుగు ఇడ్లీలకి యాభై రెండు గ్రాములు అని రాసుకుని, దానికి తగ్గ మందు వేసుకుని, తృప్తిగా తినేవాడు. రెండు గంటల తర్వాత చూస్తే చక్కెర అనుకున్నదానికంటే పాతికో ముప్పయ్యో ఎక్కువ. దోసెల రోజూ అంతే. అన్నం మాత్రం వండాక పళ్ళెంలోనే తూచుకునేవాడు, అది తిన్న రోజు ముక్కుసూటిగా లెక్కకి వచ్చేది. డాక్టరమ్మ నోటుపుస్తకం తిరగేసి, పదిరోజుల్లో ఈ తేడా ఎక్కడిదో తేలకపోతే ఇడ్లీ, దోసె మానేయండి, ఊహించి మందు పెంచడం నాకిష్టం లేదు అంది. మామయ్యకి పొద్దున్నే ఇడ్లీ లేకపోతే రోజు మొదలవదు. అంతకంటే పెద్ద బాధ, ఆయన తూకం తప్పిందని ఒకరు అనడం.

నేను బళ్ళో లెక్కలు చెబుతాను. సెలవులకి వెళ్ళేసరికి ఐదురోజులు గడిచిపోయాయి. మామయ్య చిక్కిపోయాడు. భయంతో నాలుగు ఇడ్లీల్ని రెండు చేసుకుని, మిగతా పొద్దంతా అందరి మీదా విసుక్కుంటున్నాడు. త్రాసుని అనుమానించి ఆరుసార్లు పరీక్షించాడు. మందు సీసాని అనుమానించాడు. పప్పు అమ్మినవాణ్ణి అనుమానించాడు, అది పాత అలవాటు. చివరికి నేరం నీళ్ళ మీద మోపాడు. గ్రైండర్లో అత్తయ్య నీళ్ళు ఎక్కువ పోస్తోంది, అందుకే పిండి అంత బరువు తూగుతోంది అన్నాడు. అత్తయ్య అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

పుస్తకం చూశాను. కూడికలు ఒప్పే, భాగహారాలు ఒప్పే. కాసేపు ఆలోచించాక నీళ్ళ మాట నాకు నచ్చలేదు.

“మామయ్యా, నీళ్ళలో పిండిపదార్థం ఉండదు కదా. నీళ్ళు ఎక్కువైతే పిండి బరువు పెరుగుతుంది, యాభై గ్రాముల్లో వచ్చే పిండిపదార్థం తగ్గుతుంది. నువ్వు ఎలాగూ మొత్తం పిండి బరువుతోనే భాగించావు. నీళ్ళ వల్ల నీ లెక్క తప్పదు.”

“మరి?”

“గింజలే ఎక్కువ పడుతున్నాయి.”

ఆయన నవ్వేశాడు. తను తూచిచ్చిన గిన్నెలో గింజలు ఎక్కువయ్యే ప్రశ్నే లేదన్నాడు. ముప్పైరెండేళ్ళు తూనికరాళ్ళకి సర్కారు ముద్ర వేసిన చెయ్యి కదా. ఆ చెయ్యి దాటాక గిన్నె ఎక్కడికి వెళ్తుందో నేనే చూద్దామనుకున్నాను.

మర్నాడు పొద్దున మామయ్య మామూలుగానే తూచి గిన్నెలు అత్తయ్య చేతికిచ్చి, పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. నేను వంటింట్లోనే ఉండిపోయాను. అత్తయ్య నాతో ఏదో మాట్లాడుతూనే బియ్యం డబ్బా మూత తీసింది. ఒక గుప్పెడు, ఇంకో గుప్పెడు తీసి గిన్నెలో వేసి, మూత పెట్టి, కడగడం మొదలుపెట్టింది. మాట ఎక్కడా తెగలేదు.

“అత్తయ్యా, ఇప్పుడేం వేశావు?”

“ఎక్కడ?” అంది. నిజంగానే తెలియలేదు. చూపిస్తే, “ఓ, అదా” అంది.

పెళ్ళయినప్పటినుంచీ అంతేనట. కొలిచాక రెండు గుప్పెళ్ళు, ఎవరైనా వస్తారేమోనని. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. మామయ్యకి ఎందుకు చెప్పలేదంటే, ఆయన నీళ్ళ గురించి అడిగారు, పప్పు గురించి అడిగారు, గుప్పెడు గురించి అడగలేదు అంది. తర్వాత కడిగే చెయ్యి ఆగిపోయింది. “అంటే ఆయనకి ఎక్కువవుతున్నది నా వల్లేనా?” అంది. ఆ ముఖం చూసి నా తెలివితేటల మీద నాకే కోపం వచ్చింది.

మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలియదు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. త్రాసు మీద ఖాళీ గిన్నె పెట్టి, “ఒక గుప్పెడు వెయ్యి” అన్నాడు.

యాభై ఏడు వచ్చింది. మళ్ళీ వేస్తే ముప్పైతొమ్మిది. ఇంకోసారి యాభైరెండు. ఆయన నుదురు చిట్లించాడు. ఇలాంటి తూకానికి ముద్ర వెయ్యను, గుప్పెళ్ళు మానెయ్యాల్సిందే అన్నాడు.

“మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే చెయ్యి ఎలా వస్తుందండీ? అటు తిరగండి.”

బజారు బజారంతా గడగడలాడిన మనిషి బుద్ధిగా గోడవైపు తిరిగాడు. అత్తయ్య నాతో చిక్కుడుకాయల సంగతి ఎత్తుకుని, మాటల్లోనే గుప్పెడు వేసింది. నలభై ఎనిమిది. తీసి మళ్ళీ వేసింది. నలభై ఎనిమిది. ఎనిమిదిసార్లు వేస్తే రెండుసార్లు నలభైతొమ్మిది, మిగతావన్నీ నలభై ఎనిమిదే. నేను అంకెలు చదువుతుంటే గోడవైపు ఉన్న వీపు మెల్లగా నిటారైంది.

“ఇంత నికరమైన తూకం నా సర్వీసులో చూడలేదు” అన్నాడు, గోడతోనే.

కొత్త లెక్క కట్టాం. బియ్యం ఆరువందల తొంభై ఆరు. మొత్తం పిండిపదార్థం ఆరువందల అరవై ఒకటి, రుబ్బాక తూచిన పిండి బరువు మాత్రం అదే. ఇడ్లీకి పద్నాలుగున్నర పైన, నాలుగింటికి యాభైతొమ్మిది. అంటే రోజూ ఏడు గ్రాములు మందు లేకుండా లోపలికి పోయాయి. అవి ఎవరో రాబోయేవాళ్ళవి, మామయ్య తినేశాడు. ఆ మాటే అంటే అత్తయ్య చాలా రోజులకి నవ్వింది.

మర్నాడు నాలుగు ఇడ్లీలూ తిన్నాడు. రెండు గంటల తర్వాత చక్కెర లెక్క ప్రకారమే వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులూ అంతే. డాక్టరమ్మ పుస్తకం చూసి, బియ్యం కింద ‘గుప్పెళ్ళు రెండు, తొంభై ఆరు’ అని రాసిన వరుస దగ్గర ఆగి ఇదేమిటని అడిగిందట. మా ఇంటి తూకం అన్నాడట. ఇడ్లీలు తినండి అని పంపేసింది.

నేను బయల్దేరే రోజు మళ్ళీ బియ్యం నానబెట్టారు. మామయ్య తూచి గిన్నె ఇచ్చాడు, ఎవరూ చెప్పకుండానే గోడవైపు తిరిగి, పుస్తకం తెరిచి నిలబడ్డాడు. డబ్బా మూత చప్పుడైంది.

“రెండు” అంది అత్తయ్య.

ఒకరి నోటిమాట మీద తూకం రాయడం ఆయన జన్మలో ఎరగడు. వెనక్కి చూడలేదు. తొంభై ఆరు అని రాసి, కింద సంతకం పెట్టాడు.