ఉత్తరంలో రాయని సీసా

సత్యవేదం గారు అబద్ధమాడగా ఆయన కూతురు నిస్సీ మొదటిసారి చూసింది టెక్కలిలో, కిడ్నీ డాక్టరమ్మ గదిలో.

ముప్పై ఏళ్ళు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసిన మనిషాయన. బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆదివారం వాక్యం చదవడానికి ఆయన లేస్తే వెనక బెంచీలో గుసగుసలు కూడా ఆగిపోతాయి. నాలుగేళ్ళ కిందట ఆయన రక్తంలో క్రియాటినిన్ ఎక్కువని తేలింది. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానంలో ఆ మాట కొత్త కాదు. వాళ్ళ వీధిలోనే ముగ్గురున్నారు. వేళకి మాత్రలు వేసుకుంటూ, మూడు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటూ దాన్ని ఒకటి పాయింట్ ఎనిమిది దగ్గర నిలబెట్టుకుంటూ వచ్చారు.

ఈ వేసవిలో అది రెండూ మూడుకి పోయింది. దానికి తోడు ఐదు దాటకూడని పొటాషియం ఐదూ ఎనిమిది.

డాక్టర్ కృష్ణప్రియ కాగితం రెండుసార్లు చూసింది. "సత్యవేదం గారూ, నేను రాసినవి కాక ఇంకేమైనా వాడుతున్నారా? బలానికి, నొప్పులకి, ఎవరైనా చెప్పినవి?"

"నానేటీ వాడనమ్మా," అన్నారాయన.

పక్క కుర్చీలో కూర్చున్న నిస్సీ తల వంచుకుంది. ఇంట్లో ఇనప్పెట్టె మీద వరసగా ఉన్న డబ్బాలు కళ్ళ ముందు మెదిలాయి. కానీ బయట మనిషి ముందు నాన్న మాటని కాదనడం ఆ ఇంట్లో లేదు. డాక్టరమ్మ బీపీ మాత్ర ఆపేసింది. ఆ మాత్ర కిడ్నీని కాపాడేదే అయినా పొటాషియాన్ని పెంచుతుందట. వేరే మాత్ర రాసి, పది రోజుల తర్వాత రమ్మంది.

వారం తిరక్కుండా నాన్న కాళ్ళు వాచాయి. కొత్త మాత్రకి అలా జరగొచ్చని మందుల షాపులో చెప్పారు. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టక ఆయన చర్చికి వట్టి కాళ్ళతో నడవడం చూసి నిస్సీ ఇక ఆగలేకపోయింది. ఆయన నందిగాం దగ్గరున్న జీడితోటకి వెళ్ళిన మధ్యాహ్నం డబ్బాలన్నీ ముందు పెట్టుకుని, తాను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు నోట్సులోంచి కాగితం చించి రాయడం మొదలుపెట్టింది.

"డాక్టరు గారికి, సత్యవేదం గారి అమ్మాయి నిస్సీ నమస్కారాలు. మా నాన్న మీకు ఏమీ వాడనని చెప్పారు. అది నిజం కాదు. ఆయన ముందు చెప్పలేక రాస్తున్నాను. కరోనా అప్పటినుంచి నీళ్ళలో వేస్తే పొంగే నారింజ రంగు విటమిన్ సి మాత్ర వేసుకుంటున్నారు, వెయ్యి మిల్లీగ్రాములది, రోజుకి ఒకటి. నీరసమనిపిస్తే రెండు. అమ్మకి మోకాళ్ళకి రాసిన కాల్షియం మాత్రలు, డి విటమిన్ ఉన్నవి, అమ్మ మానేస్తే ఈయన వేసుకుంటున్నారు, రాత్రిపూట, ఏడాది అయింది. ప్రోటీన్ పొడి పాలలో రెండు చెంచాలు, రెండు పూటలా. మందస సంతలో ఒకాయన దగ్గర కొన్న నల్ల ఉండలు, కీళ్ళ నొప్పులకి, రోజుకి రెండు. పేరు లేదు, కాగితం పొట్లంలో ఇచ్చాడు. ఒక పొట్లం దీనితో పెడుతున్నాను. ఇది మందో కాదో తెలియదు గానీ, మీరు ఉప్పు తగ్గించమన్నారని మామూలు ఉప్పు మానేసి బీపీ వాళ్ళ ఉప్పు అని షాపులో అమ్మేది కూరల్లో వేస్తున్నాం, ఫిబ్రవరి నుంచి. డబ్బా మీద రాసింది ఫోటో తీశాను."

అక్కడ కలం ఆగింది. ఇనప్పెట్టె వెనక, గోడకి ఆనించి ఇంకొకటి ఉంది. నల్లటి రసం ఉన్న లీటరు సీసా. నోని పండు జ్యూసు. అది అమ్మేది నిస్సీయే.

ఏడాదిగా అమ్ముతోంది. స్కూలు అయ్యాక సంచీ భుజాన వేసుకుని, జ్యూసు కంపెనీ మీటింగులో నేర్పిన మాటలు చెప్పుకుంటూ తిరిగేది. చర్చి స్త్రీల సమాజంలో నిలబడి, "కిడ్నీల్ని కడిగేస్తుంది, సైడ్ ఎఫెక్టులు లేవు, పండే కదా" అంది. పదకొండు ఇళ్ళవాళ్ళు కొన్నారు. ఇది ఇచ్చింది ఎవరని డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పాలి? అయినా ముప్పై మిల్లీ రెండు పూటలా తాగితే ఏమవుతుంది, మూతతో కొలిచి తాగేదే కదా, అనుకుంది. కింద సంతకం పెట్టి కాగితం మడిచేసింది.

పదో రోజు పరీక్షలో పొటాషియం ఐదూ తొమ్మిది. నాన్న బరువు చూపించుకోడానికి లేచినప్పుడు నిస్సీ ఉత్తరాన్ని బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ చదివి, ఫోన్లో ఉప్పు డబ్బా ఫోటో చూసి, ఆయన వచ్చి కూర్చున్నాక కోపం లేకుండా మాట్లాడింది.

"మీ అమ్మాయి మంచి పని చేసింది. ఈ ఉప్పు చూడండి, ఇందులో సోడియం తగ్గించి ఆ చోట పొటాషియం కలుపుతారు. వట్టి బీపీ ఉన్నవాళ్ళకి మంచిదే. మీ కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేకపోతోంది, కాబట్టి మీకు కాదు. మామూలు ఉప్పే చాలా తక్కువగా వేసుకోండి. విటమిన్ సి ఎక్కువైతే శరీరం దాన్ని ఆక్సలేట్‌గా మార్చి పంపుతుంది, అది కిడ్నీలో గడ్డకట్టొచ్చు. ఆపేయండి. ప్రోటీన్ పొడి మీ కిడ్నీకి అదనపు బరువు. ఈ ఉండలు ఏమిటో నాకూ తెలియదు. పేరు లేనివాటిలో నొప్పి మాత్ర కలిపి ఉండొచ్చు, లోహాలు ఉండొచ్చు. ఈ రోజే మానేయండి. కాల్షియం సంగతి రక్తం చూసి చెప్తాను, అది మీకు అవసరమేమో."

బస్సులో సత్యవేదం గారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. రావివలస దాటాక, "నన్ను దొంగని సేసినావమ్మా," అన్నారు నెమ్మదిగా. దొంగ ఆయన ఒక్కరే కాదని నిస్సీకి తెలుసు.

ఆపమన్నవన్నీ ఆపారు. డబ్బాలు దోర్కాసమ్మ, అంటే నిస్సీ తల్లి, చేత్తో ఎత్తి అటక మీద పడేసింది. కూరలు చప్పగా ఉన్నా ఆయన కంచం ఖాళీ చేసి లేచేవారు. వారం తర్వాత మళ్ళీ రక్తం తీశారు.

ఆరు.

గుండెకి ఈసీజీ తీయించారు. అందులో తేడా లేదు. కానీ డాక్టరమ్మ ముఖం మారింది. "ఉప్పు ఆపాం, మాత్ర ఆపాం. తగ్గాలి. పెరిగింది. ఇది ఇంకాస్త పెరిగితే గుండె లయ తప్పుతుంది, అడ్మిట్ చేయాలి. కిడ్నీయే చేతులెత్తేస్తోందా అని చూడాల్సి వస్తుంది. ఉత్తరంలో అన్నీ ఉన్నాయి కదా?"

"ఉన్నాయమ్మా," అన్నారు సత్యవేదం గారు, నిస్సీ నోరు తెరిచేలోపే. "అమ్మాయి అన్నీ రాసింది."

ఆయన తనవైపు చూడలేదు. అప్పుడర్థమైంది నిస్సీకి. మొన్న డాక్టరమ్మ చెప్పినవాటిలో నోని లేకపోవడం ఆయన గమనించారు. ఆ సీసా పేరు రాయలేదని తెలిసే, తన కూతురి పరువు కోసం రెండోసారి అబద్ధమాడారు. "ఒక్క నిమిషం మేడమ్," అని ఫైల్లోంచి తన ఉత్తరం తీసుకుని వరండాలోకి నడిచింది. రోగుల మధ్య బెంచీ అంచున కూర్చుని, కాగితం వెనక్కి తిప్పి రాసింది.

"నోని జ్యూసు, ముప్పై మిల్లీ, పొద్దున, సాయంత్రం, ఏడాదిగా. తెచ్చి ఇచ్చింది నేను. నేనే అమ్ముతాను. మొన్న కావాలనే రాయలేదు."

డాక్టరమ్మ అది చదివి, పాత రిపోర్టులు ఒక్కొక్కటే తిరగేసింది. నిస్సీకి నేలలోకి పోవాలనిపించింది.

"నోని రసంలో పొటాషియం కమలారసంలో ఉన్నంత ఉంటుంది," అంది చివరికి. "కానీ ముప్పై మిల్లీకి ఇంత పెరగదు. లెక్క కుదరడం లేదు. సత్యవేదం గారూ, ముప్పై మిల్లీయేనా?"

ఆయన అరిచేతుల్ని మోకాళ్ళ మీద రాసుకున్నారు. "గళాసుతోటి తాగుతున్నానమ్మా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మిగతావి ఆపినప్పట్నుంచీ అది ఇంకొంచెం ఎక్కువే తాగినాను, బలానికి."

"నాన్నా, నేనిచ్చింది నెలకి రెండు సీసాలే కదా," అంది నిస్సీ.

"సూర్యం."

ఫ్యాక్టరీ కాపలాదారు సూర్యం. నెలకి ఎనిమిది, పది సీసాలు తీసుకునే ఆమె ఖాతాదారు. ఆ సీసాలన్నీ నాన్న అతని పేరున తెప్పించుకున్నవే.

"నెలాఖరుకి నీ టార్గెట్టు తక్కువై నువ్వు ముఖం యేలాడేసుకుంటంటే సూడలేకపోయాను. పారబోత్తే పాపం కదా. తాగేసినాను. నీది మందే అనుకున్నానమ్మా. నువ్వు సెప్తే నమ్మీసినాను."

నిస్సీ గోడకున్న కిడ్నీ బొమ్మకేసి చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి తనకి అర్హత లేదనిపించింది.

డాక్టరమ్మ ఆ రోజు పొటాషియాన్ని పేగులోనే పట్టుకునే పొడి రాసింది, నీళ్ళలో కలిపి తాగమంది. మూడో రోజే రక్తం చూపించాలంది. ఆయన బయటికి నడిచాక నిస్సీని ఆపి, "ఇంకెవరికి ఇచ్చారు?" అని అడిగింది. "వాళ్ళలో కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఎందరు? బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు?"

నిస్సీ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. నలుగురు.

"నేను వాళ్ళ ఇళ్ళకి వెళ్ళలేను," అంది డాక్టరమ్మ. "మీరు వెళ్ళగలరు."

మూడో రోజుకి ఐదూ నాలుగు. రెండు వారాలకి నాలుగూ తొమ్మిది. ఆపిన బీపీ మాత్రని సగం మోతాదులో మళ్ళీ మొదలుపెట్టారు, వారానికే పరీక్ష చేయాలన్న షరతుతో. కాళ్ళ వాపు దిగింది. క్రియాటినిన్ మాత్రం రెండూ ఒకటి దగ్గర ఆగింది. పాత ఒకటీ ఎనిమిదికి వస్తుందా అని అడిగితే, "చెప్పలేను," అంది డాక్టరమ్మ. "వీటిలో ఏది ఎంత చెడగొట్టిందో కూడా విడదీసి చెప్పలేను."

ఈలోగా నిస్సీ పదకొండు ఇళ్ళూ తిరిగింది. అమ్మినప్పుడు ఎంత తేలిగ్గా మాటలొచ్చాయో, ఇప్పుడంత కష్టంగా వచ్చాయి. "నేను తెలియకుండా చెప్పాను. కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఇది తాగకూడదు," అని ప్రతి గడపలో అదే మాట. తిరుమలరావు అనే కిరాణా ఆయన లోపలికి వెళ్ళి సగమున్న సీసా తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, తలుపు వేసుకున్నాడు. సూర్యం మాత్రం ఆమె ఏమీ అడక్కముందే, "మావ సెప్పొద్దన్నాడు," అని గొణిగి గేటు తాళాలు సర్దుకున్నాడు.

అన్నిటికన్నా కష్టమైంది మందసలో బాలాత్రిపురసుందరమ్మ ఇల్లు. గుడి పూజారి గారి భార్య. రెండేళ్ళుగా కిడ్నీ మాత్రల మీద ఉంది. నిస్సీ చెప్పేదంతా నవ్వుముఖంతో విని, "అలాగంటావేటి తల్లీ. కిడ్నీల్ని కడిగేత్తాదని నువ్వే కదా సెప్పావు. పండే కదా, సైడ్ ఎఫెక్టు ఉండదన్నావు. నాకు తిండి బాగా సయిస్తోంది. ఇంకో సీసా ఉంటే ఇచ్చెళ్ళు," అంది.

తన మాటలే, ఒక్కటీ మర్చిపోకుండా. నిస్సీ గడప మీద కూర్చుంది. ఎదురు వాదించలేదు. "అమ్మా, గురువారం పొద్దున్నే వస్తాను. మిమ్మల్ని నేనే టెక్కలి తీసుకెళ్తాను. రక్తం చూపిద్దాం. ఆ కాగితం చూశాక మీ ఇష్టం," అంది.

గురువారం సుందరమ్మ బయల్దేరింది. పలాస బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సుందరమ్మ సంచీలోంచి మాత్రల స్ట్రిప్పులు, రెండు పొడుల డబ్బాలు, నల్ల సీసా ఒక్కొక్కటే తీసి నిస్సీ ఒళ్ళో పెడుతుంటే, ఆమె స్కూలు నోట్సులోంచి కొత్త కాగితం చించి, ఈసారి సీసా పేరే మొదట రాసింది.