కోదాడ బస్టాండులో ఒక వీడియో

నేను మిర్యాలగూడలో ఉంటాను. కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. రోజూ హుజూర్‌నగర్ మీదుగా బస్సులోనే రాకపోకలు. అందుకే కోదాడ బస్టాండు నాకు ఇంట్లో మరో గదిలాంటిది. ఏ ఫ్యాను తిరగదో, ఏ బల్ల మీద ఎండ పడదో తెలుసు. ఎవరు ఎవరిని చూడటానికి వచ్చి బస్సు కోసం వచ్చినట్టు నిలబడతారో కూడా తెలుసు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, పరీక్ష పేపర్లు దిద్ది ఇంటికి బయలుదేరాను. మా బస్సు ఇంకా రాలేదు. అప్పుడు చూశాను ఆమెను. ముప్పై అయిదు, నలభై ఉంటాయేమో. నలిగిన కాటన్ చీర, భుజాన నిండుగా ఉబ్బిన సంచి. వచ్చిన ప్రతి బస్సు ముందుకూ పోయి బోర్డు చదువుతోంది, మళ్లీ వెనక్కి వచ్చి స్తంభం పక్కన నిలబడుతోంది. చేతిలో ఫోను ఉంది గానీ దాని వైపు చూడటం లేదు. బస్టాండు గేటులోకి ఎవరు వచ్చినా చటుక్కున తల తిప్పి చూస్తోంది.

ఆమెను గమనించింది నేను ఒక్కదాన్నే కాదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ అప్పటికే తీర్పు చెప్పేసింది.

"ఇంట్ల కొట్లాడి వచ్చినట్టుంది. మొకం సూడు ఎట్లుందో."

నేను లేచి ఆమె వైపు నడిచాను. మరీ దగ్గరికి పోలేదు. ఎదురుగా నిలబడితే దారి కాసినట్టుంటుందని కాస్త పక్కగా, ఆమెకు బయటికి పోయే దారి ఖాళీగా ఉండేలా ఆగాను.

"నమస్తే అమ్మా. నేను రోజూ ఈడ్నే బస్సెక్కుత. బస్సుల గురించి ఏమన్న కావాల్నంటే అడుగుండ్రి. అవసరం లేకపోతే ఏం పర్వాలేదు."

ఆమె సంచిని గుండెలకు దగ్గరగా లాక్కుంది.

"వద్దండి. నాకు తెలుసు," అంది. మాట తీరు కృష్ణా నది అవతలి వైపుది.

"సరే అమ్మా. నేను ఆ బల్ల మీద కూసుంట," అని చెప్పి వెనక్కి వచ్చేశాను. వద్దన్నాక మళ్లీ వద్దనిపించుకోవడం ఎందుకు? ఆమెకేసి చూస్తూ కూర్చోలేదు. కానీ ఆమె తల తిప్పితే నేను కనిపించే చోటే కూర్చున్నాను.

"గంతేనా?" అంది పెద్దావిడ నిరాశగా. "ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడగవా?"

ఆ అడగడమేదో చూపించడానికన్నట్టు అప్పుడే వచ్చాడు ఒక పెద్దమనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతికి లావుపాటి గడియారం. చుట్టుపక్కల ఊళ్లలో పొలాలూ, టౌనులో వ్యాపారమూ ఉన్నాయి ఆయనకు. ఏ పార్టీ మీటింగైనా ముందు వరసలో కనబడతాడు. ఆయన వెంట ఒక మనిషి, ఫోను ఎత్తి పట్టుకుని. ఇద్దరూ నేరుగా ఆమె ముందుకు పోయి, ఆమెకూ స్తంభానికీ నడుమ చోటు లేకుండా నిలబడ్డారు.

"ఏ ఊరమ్మా నీది? ఎటు పోవాలె?"

ఆమె గేటు వైపు చూసింది.

"భయపడకు. మేం మంచోళ్లమే. ఇంట్ల చెప్పే వచ్చినవా? మీ ఆయన నంబర్ చెప్పు, నేను మాట్లాడుత. ఆ సంచి ఇటియ్యి, గాడ కూసుందువు." చెయ్యి చాపి సంచి పట్టీ పట్టుకున్నాడు.

ఆమె వెనక్కి జరిగింది. వీపు స్తంభానికి తగిలింది.

"తియ్యిరా, మొకం మంచిగ కనబడాలె," అన్నాడాయన పక్కవాడితో. "మన గ్రూపుల ఏద్దాం. ఎవరన్న గుర్తుపడ్తరు. ఆమెను ఇంటికి చేర్చినట్టయితది."

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "వద్దు, ఫోటో వద్దు," అంది. ఆ ఫోను కిందికి దిగలేదు. అప్పటికి చుట్టూ పది మంది చేరారు. ఒకడు వేరుశెనక్కాయలు నములుతూ, పొట్టు ఊదుకుంటూ చూస్తున్నాడు. ఒక ఆటో అతను "నేను దింపొస్త, బైపాస్ కాడికేనా?" అంటున్నాడు, ఆమె ఎక్కడికి పోవాలో తెలియకుండానే. నా పక్కనున్న పెద్దావిడ కూడా లేచి పోయి గుంపులో కలిసింది. ఎవరి ముఖంలోనూ జాలి లేదు. విందులో కూర వడ్డించే మనిషి తమ వరస దాకా ఎప్పుడొస్తాడా అని చూసే చూపు అది.

గుంపును తోసుకుని ఆమె పక్కకు పోయాను. ముందు ఆయనతో మాట్లాడలేదు. ఆమెతోనే అన్నాను.

"అమ్మా, అదిగో, ఆ కిటికీ ఆర్టీసీ కంట్రోలర్‌ది. మీకు రావాల్నని ఉంటే నేను పక్కన నడుస్త. వద్దంటే ఈడ్నే ఉంట."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత సంచి పట్టీని ఆయన చేతిలోంచి లాక్కుని నడిచింది. నేను ఆమె చెయ్యి పట్టుకోలేదు, సంచి అందుకోలేదు. పక్కన నడిచానంతే. వెనక ఆయన అంటున్నాడు: "మేడమ్, మేం సాయం చేస్తుంటే నువ్వేంది నడుమల?"

కంట్రోలర్ రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. గొంతులో విసుగు ఉంటుంది గానీ అడిగిన దానికి జవాబు చెప్తాడు. ఎక్కడికి పోవాలో ఆమే కిటికీలోకి వంగి నెమ్మదిగా చెప్పింది. ఆ ఊరి పేరు నాకు వినబడింది. ఇక్కడ రాయను.

"ఆ సర్వీసు లోపలికి రాదమ్మా. బైపాస్ మీది నుంచే పోతది," అన్నాడు కంట్రోలర్. "నువ్వు గీడ ఎంతసేపు నిలబడ్డా దొరకదు. బైపాస్‌కు ఒక్కదానివి పోకు. సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ లోపలికే వస్తది, ఎక్కు. సూర్యాపేటల దిగితే నీ బస్సు ప్లాట్‌ఫారం మీదికే వస్తది."

ఆమె ఊపిరి వదిలింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీ ఫోన్ ఒకసారి ఇస్తారా? నాది ఆపేసి ఉంచానండి. ఆన్ చెయ్యలేను."

ఎందుకు ఆపేశారు అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ గుంపులో ఉన్న వాళ్ల ప్రశ్నే అది. నా నోట్లో కూడా అదే ఊరుతోందని తెలిసి మాట మింగేశాను. లాక్ తీసి ఫోను ఆమె చేతికిచ్చి, మాటలు వినబడనంత దూరం జరిగాను. కనిపించేంత దగ్గరే ఉన్నాను.

రెండు మాటలు మాట్లాడి ఫోను తెచ్చిచ్చింది.

"నంబర్ మీరే తీసేయుండ్రి అమ్మా. నా దాంట్ల ఉండనవసరం లేదు," అన్నాను.

ఆమె కాల్స్ జాబితాలోంచి ఆ నంబరు తీసేసింది. అప్పుడడిగింది: "ఆ వీడియో తీసేయించగలరా?"

పెద్దమనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, చుట్టూ నలుగురికి ఏదో చెప్తూ. దగ్గరికి పోయి అడిగాను.

"ఆమె వద్దంటుంటే తీసిన్రు. అది తీసేయుండ్రి."

"ఎందుకు తీసెయ్యాలె? మంచి చేద్దామంటే మా మీదనేనా?" గొంతు పెంచాడు. "నీ పేరేంది? ఏ కాలేజి నీది?"

"నా పేరు తర్వాత. ముందు వీడియో."

కంట్రోలర్ కిటికీలోంచే అరిచాడు. "సార్, ఆడమనిషి వద్దంటుంటే తీసుడు కేసయితది. బస్టాండుల పోలీసోళ్లున్నరు. పిలవాల్నా?"

పోలీసు అనేసరికి ఆయన తెల్ల చొక్కాలోంచి ఇంకో మనిషి బయటికి వచ్చాడు. మెత్తబడ్డ నవ్వు, చేతులు జోడింపు. "అరే, గింత చిన్న ముచ్చటకు పోలీసులెందుకు? తీసెయ్‌రా." పక్కవాడు అప్పటికే గ్రూపులో పెట్టినదాన్ని నా కళ్ల ముందే అందరి ఫోన్లలోంచీ పోయేలా తీసేశాడు. ఫోను గ్యాలరీలోంచి, తర్వాత చెత్తబుట్టలోంచి కూడా తీసేయించాను. కానీ ఆ గ్రూపులో ఎవరో ఆలోపే చూశారు. చూసినవాడు దాచుకోకుండా ఉంటాడా? ఆ మాట ఆమెకు చెప్పక తప్పలేదు. తెలిసి ఉంటే జాగ్రత్త పడుతుందని చెప్పాను. ఆమె తల ఊపింది. ఆశ్చర్యపోలేదు. అదే నాకు అన్నిటికన్నా బాధనిపించింది.

సూర్యాపేట బస్సు వచ్చింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ అని కండక్టరమ్మ అంటోంది. "నేను టికెట్ కొంటానండి," అంది ఆమె. కండక్టరమ్మ ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా టికెట్ కొట్టింది. ఆమె ముందు సీట్లో, కిటికీ పక్క కాకుండా లోపలి వైపు కూర్చుంది. నాకు థాంక్స్ చెప్పలేదు. బస్సు కదిలేటప్పుడు కొంగు కొంచెం దించి నా వైపు చూసింది. ఆ చూపుకు ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు.

కొన్నాళ్లకు అదే కండక్టరమ్మ కోదాడ బస్టాండులో కలిసి, నేను అడగకుండానే చెప్పింది. సూర్యాపేటలో ఇంకొక ఆడమనిషి ఎదురుగా వచ్చి ఆమె సంచి అందుకుందట, ఇద్దరూ కలిసి వేరే బస్సెక్కారట. ఎటు పోయే బస్సో కండక్టరమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ పూట కడుపు నిండినట్టనిపించింది.

ఆ తృప్తి ఎన్నాళ్లో నిలవలేదు. సూర్యాపేటలో మా బంధువుల పెళ్లి. ఫంక్షన్ హాల్లో బంతిలో కూర్చున్నాం. నా పక్కన మా చిన్నమ్మ కొడుకు. చదువుకున్నవాడు, ఆఫీసులో పది మంది మీద పెత్తనం ఉన్నవాడు. ఫోను నా ముందుకు జరిపాడు.

"అక్కా, కిటికీ దిక్కు చూపెడుతున్న ఈ చెయ్యి నీదే గదా? నీ గడియారం గుర్తుపట్టిన."

ఆ వీడియోనే. ఎవరో పాట తగిలించారు. పైన ఎర్ర అక్షరాలతో 'మొగుణ్ని వదిలి బస్టాండులో దొరికిన మహిళ' అని రాశారు. కింద కామెంట్లు. కొన్ని చదివి ఆపేశాను. వాళ్లలో ఎవరికీ ఆమె ఎవరో తెలియదు. ఆమెకు పెళ్లయిందో లేదో కూడా తెలియదు.

"ఏం కథ అక్కా? ఎవరామె?" మా బంతిలో తలలన్నీ ఇటు తిరిగాయి.

"తెల్వదు."

"పక్కన్నే ఉన్నవ్ గదా, అడగలేదా?"

"అడగలేదు."

"అబ్బ, ఏం మనిషివే," అంది ఎదురు బంతిలోంచి మేనత్త. పెళ్లికూతురు నగల గురించి మాట్లాడిన గొంతుతోనే.

"నువ్వు ఇది ఎవరికైనా పంపినవా?" తమ్ముణ్ని అడిగాను.

"నేనొక్కణ్నే పంపిన్నా? అందరూ పంపిన్రు."

విస్తరి మీద అన్నం చల్లారుతోంది. అతని ఎంగిలి వేలి మరక ఆ ఫోను అద్దం మీద, సరిగ్గా ఆమె కొంగు ఉన్న చోట పడింది. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను. హాలు బయట మెట్ల మీద కూర్చుని ఆ వీడియో మీద ఫిర్యాదు పెట్టాను. మర్నాడు సైబర్ పోలీసులకు కూడా రాసిచ్చాను, ఆమె పోయిన ఊరు మాత్రం చెప్పకుండా. కొన్నాళ్లకు ఆ పేజీలోంచి తీసేశారని కబురు వచ్చింది. మిగతా చోట్ల ఎంతమంది దగ్గర ఉందో ఎవరూ చెప్పలేరు. తమ్ముడు మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. పెళ్లింట్లో బంతిలోంచి లేచిపోయి పరువు తీశానట.