పాయింట్ మూడు దగ్గర ఆగిన వడ్లు

కరీంనగర్ దాటాక రోడ్డు పక్కన ఉన్న విత్తనాల ప్లాంటులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. చూసుకోవడం అంటే ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగడం, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వర్‌ని బతిమాలి లేపడం, ఎవరి పాస్‌వర్డు వాళ్లకు గుర్తు చేయడం. యాసంగి కోతల రోజుల్లో ఇదంతా రెండింతలవుతుంది. ఆ ఏడాది ఎండలకు నాకు మనుషులంటేనే విసుగొచ్చేసింది, యంత్రాల సంగతి సరేసరి.

మా దగ్గర పద్ధతి ఒకటుంది. కంపెనీ ఇచ్చిన విత్తనం రైతు పండించి, ఆరబెట్టి, తూర్పారబట్టి తెస్తాడు. ల్యాబులో గుప్పెడు తీసుకుని, వేరే గింజలు ఒక పక్కకు, పొట్టూ మట్టీ ఒక పక్కకు ఏరి, తూచి, నూటికి ఎంతో రాస్తారు. ఆ రెండూ కలిపి పాయింట్ మూడు దాటకూడదు. సరిగ్గా పాయింట్ మూడు ఉంటే పర్వాలేదు. అంకెలు ఎక్కించాక తీర్పు చెప్పేది కంప్యూటరే: పచ్చ రంగొస్తే విత్తనం, ఎర్ర రంగొస్తే మామూలు వడ్లు, వెనక్కి పంపేస్తారు. వరుసగా రెండేళ్లు ఎర్రదొస్తే ఆ రైతుకు ఇక విత్తనం ఇవ్వరు.

ఆ రోజు ల్యాబులో పనిచేసే అమ్మాయి నన్ను పిలిచింది. ఆమె నెమ్మదస్తురాలు, ఊరికే పిలిచే మనిషి కాదు.

"సార్, జర గిది సూడుండ్రి. వేరే గింజలు పాయింట్ ఒకటి. పొట్టు, మట్టి పాయింట్ రెండు. మొత్తం పాయింట్ మూడు అని అదే సూపెడుతుంది. హద్దు పాయింట్ మూడు. మరి ఎర్రగెందుకొచ్చింది? రెండోసారి కొత్తగ తీసి ఏరిన, గవే అంకెలు."

కిటికీ అవతల ట్రాక్టరు నీడలో ఆ వడ్లు తెచ్చిన పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమెది ధర్మపురి దిక్కు గోదావరి ఒడ్డు ఊరు. పోయినేడు కూడా ఆమె వడ్లు వెనక్కి పోయాయని ల్యాబు అమ్మాయే చెప్పింది. అంటే ఇప్పుడు ఎర్రదే ఖాయమైతే ఆమెకు మా ప్లాంటు గేటు మూసుకున్నట్టే. ట్రాక్టరు అవతలి పక్క ఇంకో ఆడమనిషి నిలబడి ఉంది, ఆమె కోడలట. ఇద్దరి మధ్యా ట్రాలీ ఉన్నది గనుక సరిపోయింది, లేకపోతే గోడ కట్టుకునేవాళ్లలా ఉన్నారు.

మేనేజరు వచ్చి చూసి, "కంపూటర్ తప్పు జేస్తదా? వడ్లల్లనే ఏమన్న ఉంటది, పంపియ్యి," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కంప్యూటర్ల మీద ఇంత భక్తి వాటిని బాగుచేసేవాడికి మాత్రం ఉండదు.

ఒక గంట ఆగమని బతిమాలి, ఉత్తుత్తి అంకెలు ఎక్కించి చూశాను. పాయింట్ మూడు, సున్నా వేస్తే పచ్చ. పాయింట్ ఒకటి, పాయింట్ ఒకటి వేస్తే పచ్చ. ఒకటీ రెండూ వేస్తే ఎర్ర. తిప్పి రెండూ ఒకటీ వేసినా ఎర్రే. అప్పుడు అనుమానమొచ్చి, తెర మీద ఒక్క అంకెతో ఆగిపోయే మొత్తాన్ని దాచకుండా పూర్తిగా చూపించమన్నాను. 0.30000000000000004. పాయింట్ మూడు, దాని వెనక బారెడు సున్నాలు, చివర నాలుగు. హద్దు కంటే పిసరంత ఎక్కువ. ఆ పిసరును చూసి కంప్యూటరు ఆ పెద్దావిడ వడ్లను బయటికి తోసింది.

ఈ సంగతి చదువుకునే రోజుల్లో విన్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుని మరిచిపోయినదే. ఇప్పుడు ఫోను కూడా ఎత్తనివాళ్లెవరో పట్నంలో రాసిచ్చిన ప్రోగ్రాములో అది ఇలా కూర్చుని ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

బయటికి వెళ్తే పెద్దావిడ, "ఏమైంది కొడుకా? మల్ల నా గింజనే కరాబా?" అంది.

"కాదవ్వా. గింజ మంచిగనే ఉంది. లెక్కనే కరాబుంది."

"లెక్క కరాబెట్లయితది?"

ఎలా చెప్పాలో తెలియక రొట్టె మాట ఎత్తాను. "ఒక జొన్నరొట్టె ఉందనుకో. దాంట్ల పదో వంతు తియ్యాలె. గని సగానికి, ఆ సగాన్ని మల్ల సగానికి, గట్లనే తుంచాలె. వేరే తీరుగ తుంచొద్దు. ఆ ముక్కలు ఏరి కలిపి పదో వంతు చెయ్యి."

ఆమె చేతులు గాలిలో రొట్టెను తుంచాయి. "సగం... పావు... అరపావు... దానికి సగం... కాదు కొడుకా. దగ్గరికొస్తది గని నుసంత ఎక్కువనో తక్కువనో అయితది."

"కంపూటర్ గట్లనే తుంచుతది. కొన్ని ముక్కలైనంక ఇగ చాలని దగ్గర్ల ఉన్నకాడ ఆగుతది. పాయింట్ ఒకటి అంటే నుసంత ఎక్కువ పెట్టుకుంది. పాయింట్ రెండుల గూడ ఎక్కువే. పాయింట్ మూడు అని మనం పెట్టిన హద్దుల మాత్రం నుసంత తక్కువ పెట్టుకుంది. ఆ రెండు కలిపితే హద్దు దాటినట్టు కనవడ్డది."

ఆమె నవ్వలేదు. "పోయినేడు గూడ గంతేనా? గప్పుడు గూడ ఒకటి, రెండు అనే జెప్పిండ్రు."

నా వెనకే వచ్చిన ల్యాబు అమ్మాయి తల దించుకుని, "గంతే అవ్వా. నాకు యాదికుంది," అంది.

నేను లోపలికి వెళ్లి చిన్న మార్పే చేశాను. పాయింట్లు తీసేసి, పదో వంతులను గింజల్లా లెక్కపెట్టమన్నాను: ఒకటి, రెండు, మొత్తం మూడు, హద్దు మూడు. పూర్ణసంఖ్యల దగ్గర దానికి నుసి బాధ లేదు. "రేపు ఎవలన్న నువ్వు లోపల మార్చి పాస్ జేసినవంటే?" అని మేనేజరు అడ్డుపడితే, అతని ముందే ఒకటీ మూడూ వేసి ఎర్ర రంగు చూపించాను, తర్వాత ఒకటీ రెండూ వేసి పచ్చ చూపించాను. చాలాసేపు చూసి, సరేనన్నట్టు తలూపి వెళ్లిపోయాడు. నాకు సంతోషం కలగలేదు, కూర్చుంటే బాగుండుననిపించింది.

వడ్లు దించుతున్నప్పుడు పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది.

"పోయినేడు తూర్పారబట్టింది నా కోడలు. దాని చేతుల పనితనం లేదని ఊరంత జెప్పిన. గా కోపంతోని ఈయేడు దాన్ని కల్లంకాడికే రానియ్యలే. నడుము పడిపోయినా నేనే పట్టిన. అయినా గదే ఒకటి, గదే రెండు." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వే జెప్పు బిడ్డా దానికి. నాకు నోరు రాదు."

ఇది నా ఉద్యోగంలో లేని పని. అయినా ట్రాక్టరు చుట్టూ తిరిగి వెళ్లి, ఆ కోడలికి రొట్టె సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డుపడకుండా విన్నది.

"నేను తూర్పారబట్టిన గింజ ఎట్లుందో నాకెర్కే సారు," అంది చివరికి. "గా దినమే జెప్పిన, ఎవలు ఇన్లే."

తర్వాత అత్త కూర్చున్న వైపు చూసింది. పెద్దావిడ వీపు ఇటు తిప్పుకుని, ఖాళీ అవుతున్న బస్తాలు దులుపుతోంది.

"ఏడాది సంది మేం ఒక్క పొయ్యి మీద వండుకుంటలేం. మీ కంపూటర్‌ల తప్పు దిద్దితిరి. మా ఇంట్ల ఎవలు దిద్దుతరు?"

అలా అని ఆమే వెళ్లి అత్త చేతిలోంచి బస్తా తీసుకుంది. ఇద్దరూ చెరో కొన పట్టుకుని దాన్ని దులిపారు.