మునిర్కాలో గౌరి రఫూ కొట్టు

యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో నేను ఢిల్లీ మునిర్కాలో ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకుండేదాన్ని. కింది గదిలో లింగయ్య గారు, ఆయన కూతురు గౌరి ఉండేవారు. గద్వాల దగ్గర ఊళ్ళో మగ్గం నేసిన మనిషి ఆయన. మగ్గం మీద బతుకు గడవక, భార్య కూడా పోయాక, బంధువు చెప్పిన మాట మీద ఢిల్లీ వచ్చి ఒక సర్కారు ఆఫీసులో అటెండరుగా చేరారు. మా కాకినాడ తెలుగు ఆయనకు వింతగా ఉండేది, ఆయన మాట నాకు తియ్యగా ఉండేది. ఆ ఇరుకు గల్లీలో తెలుగు వినబడే చోటు అదొక్కటే కాబట్టి సాయంత్రాలు ఎక్కువ అక్కడే గడిపేదాన్ని.

గౌరికి చిన్నప్పుడే మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి పోయింది. తండ్రితో ఇంట్లో పుట్టిన సైగల్లో మాట్లాడేది. ఢిల్లీ వచ్చాక వినపడనివాళ్ళ బడిలో అసలు సైగల భాష నేర్చుకుంది. నాకు కొంచెం నేర్పింది కూడా. మిగతాది ఫోన్‌లో రాసి చూపించేది.

"చిన్నగున్నప్పుడు మగ్గం గుంట పక్కన నేల మీద చెంప ఆనించి పండుకునేది. మగ్గం పలక కొడితే నేల అదురుతది గద, ఆ అదురుకు నిద్రపోయేది. నేను నేత ఆపితే లేచి చూసేది" అని లింగయ్య గారు ఒకసారి చెప్పారు. తన గురించే మాట్లాడుతున్నామని గౌరికి తెలిసిపోయింది. అరచేతిని నేల మీద ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వింది.

బడి అయిపోయాక గౌరి ఏం చెయ్యాలన్నది ఇంట్లో రోజూ ఉండే మాట. కొవ్వొత్తుల తయారీ నేర్పించమని ఒకరన్నారు. గుర్‌గావ్‌లో ప్యాకింగ్ పని ఉందని ఇంకొకరన్నారు. కుట్టుపని వచ్చు కదా అని లింగయ్య గారు బజారులో ఒక టైలరింగ్ షాపులో పెట్టించారు. కుట్టు చక్కగానే వచ్చేది. కష్టమంతా మాటల దగ్గర. వచ్చినామె అద్దం వైపు తిరిగి మెడ ఇంత, చేతులు అంత అంటూ నోటికొచ్చిన వేగంతో చెప్పేది. మొహం కనబడకపోతే గౌరికి పెదాలు అందవు. షాపు యజమాని రాసి ఇస్తానని ఒప్పుకున్నాడు గానీ, జనం ఎక్కువైతే మర్చిపోయేవాడు. జాకెట్లు తేడాగా రావడం మొదలయ్యాక గౌరి తనంతట తనే మానేసింది. కొన్నాళ్ళు ఎవరి మొహమూ చూడలేదు.

ఆ చలికాలం మా డిపార్ట్‌మెంటు ఫంక్షన్‌కి మా అమ్మదైన వెంకటగిరి చీర నేను కట్టుకుని మెట్లు దిగుతుంటే గేటు మేకుకు పట్టి కుచ్చిళ్ళ దగ్గర చిరిగింది. ఏడుపు మొహంతో వాళ్ళ గదిలోకి వెళ్ళాను. గౌరి చిరుగును కిటికీ వెలుతురులో పెట్టి అటూ ఇటూ చూసింది. చీర మార్చుకొచ్చి ఇమ్మని సైగ చేసింది.

తర్వాత పక్కన కూర్చుని చూశాను. బొడ్లో దోపుకునే లోపలి అంచు దగ్గర, ఎవరికీ కనబడని చోట, అదే చీరలోంచి పోగులు ఒక్కొక్కటే లాగింది. సన్నటి సూదితో చీర తిరగేసి, చిరుగుకు కాస్త అవతల మంచి గుడ్డలో మొదలుపెట్టి ముందు నిలువు పోగులు వేసింది. తర్వాత అడ్డపోగు ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా. ఎక్కడా బిగించి లాగలేదు. లాగితే గుడ్డ ముడుచుకుపోతుందట. చివర్న తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టింది. చీర నా చేతిలో పెడితే చిరుగు ఎక్కడో వెతుక్కోవలసి వచ్చింది.

"నీకిది ఎవరు నేర్పారు?" అని ఫోన్‌లో రాశాను.

"మగ్గం మీద తెగిన పోగులు అతికేదాన్ని" అని రాసింది. దాని కింద ఇంకో వాక్యం రాసింది. "చిరుగు కళ్ళ ముందే ఉంటుంది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు."

ఆ వాక్యం చదివాక ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. చిరుగు కనబడకుండా అతికే ఈ రఫూ పనే ఆమెకు బతుకుతెరువన్న ఆలోచన అక్కడే పుట్టింది.

లింగయ్య గారికి మాత్రం మింగుడుపడలేదు. "మా తాతల కాడ్నుంచి కొత్త బట్ట నేసినోళ్ళం బిడ్డా. ఇప్పుడు పరాయోళ్ళ చినిగిన బట్ట ముంగట ఏసుకోని కూసోవాల్నా?"

నేను ఆ మాట గౌరికి చెప్పలేదు. ఆమె తండ్రి పెదాల మీదే చదివేసింది. మర్నాడు పనికిరాని గుడ్డ ముక్కలు తెచ్చి, వాటికి తనే చిరుగులు పెట్టి, సగం రఫూ చేసి సగం వదిలేసి అట్ట మీద అతికించింది. చూసినవాళ్ళకు పని తెలియడానికి అదే బోర్డు. దాన్ని ఫొటో తీసి, కింద "మెసేజ్ మాత్రమే పెట్టండి, చిరుగు ఫొటో పంపండి" అని రాసి మా యూనివర్సిటీ స్నేహితుల ఫోన్ గ్రూపుల్లో పెట్టాను. ముందు నా స్నేహితురాలు నేహా ఉన్ని శాలువా వచ్చింది. తర్వాత వసంత్ కుంజ్ నుంచి ఆఫీసర్ల ఇళ్ళ చీరలు రావడం మొదలైంది.

ఒకరోజు ఒక పాత గద్వాల చీర వచ్చింది. అంచూ ఒళ్ళూ కలిసే చోట విడిపోయింది. ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. గౌరి చాలాసేపు దాన్నే చూస్తూ సూది పట్టలేదు. ఆఫీసు నుంచి వచ్చిన లింగయ్య గారు చొక్కా కూడా మార్చుకోకుండా పక్కన కూలబడ్డారు.

"ఇది కుప్పడం నేత. అంచుది అంచుకు, ఒళ్ళుది ఒళ్ళుకు పోతే అతుకు నిలవదు. నూలు పోగు, పట్టు పోగు ఒకదాన్నొకటి కొండి ఏసుకోని మళ్ళాలె" అన్నారు నాతో. వెంటనే గుర్తొచ్చి గౌరి వైపు తిరిగి, రెండు చూపుడువేళ్ళు కొక్కాల్లా మెలేసి చూపించారు. గౌరి తలాడించి ఆయన చేతిలోకి ఒక పోగు అందించింది. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే చీర మీద వంగి కూర్చుంటే, నేను జొన్నరొట్టె తింటూ చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడు ఢిల్లీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పూటే.

చదువు ముగిసి హైదరాబాదులో ఉద్యోగం వచ్చాక కూడా గౌరి వీడియో కాల్ చేసేది. పోయిన చలికాలం ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్ళినప్పుడు మునిర్కా చూసి వచ్చాను. మేమున్న ఇంటికి ఇంకో రెండు అంతస్తులు లేచాయి. కింది గది ఇప్పుడు షట్టర్ ఉన్న కొట్టు. వినపడని అమ్మాయిలు ఇద్దరు గౌరి దగ్గర పని నేర్చుకుంటున్నారు. గుమ్మంలో ఎవరైనా స్విచ్ నొక్కితే బల్ల మీద బల్బు వెలుగుతుంది. లింగయ్య గారు రిటైరై, రంగు కలిసే దారాలు వెతికే పని చూసుకుంటున్నారు.

నేనున్నప్పుడే జానకీదేవి గారని వసంత్ కుంజ్ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. తెలుగావిడే. తన తల్లి పెళ్ళి పట్టుచీర తెచ్చారు. మడతల వెంబడి పట్టు నిలువునా చీలి ఉంది. ఆవిడ ఆ చీర కథంతా చెప్తూనే ఉన్నారు. గౌరి ఒక మూల నుంచి పోగును మెల్లగా లాగింది. అది ఎండుగడ్డిలా పుటుక్కున విరిగింది. ఇంకోటి లాగింది. అదీ అంతే. విరిగిన పోగుల్ని ఆవిడ అరచేతిలో పెట్టి, తల అడ్డంగా ఊపింది.

"బాగవ్వదా?" అన్నారావిడ నా వైపు చూసి.

"సూది గుచ్చితే ఇంకా చీలుతుందంటోంది ఆంటీ" అన్నాను గౌరి సైగలు చూసి. "కొంగు మాత్రం గట్టిగా ఉందట. దాన్ని విడదీసి సన్నటి నెట్ మీద పరిచి కుడితే దాచుకోవచ్చు. కట్టుకోవడానికైతే పనికిరాదట."

ఆవిడ చీరను ఒళ్ళో పెట్టుకుని మడతలు సవరిస్తూ కూర్చున్నారు. గౌరి తొందరపెట్టలేదు. టీ తెచ్చి పక్కన పెట్టి, తన పని చూసుకుంది. చివరికి ఆవిడ చీరను మళ్ళీ విప్పి, కొంగు వరకు వేలితో గీత గీసి, "ఇక్కడ కోయించమ్మా" అన్నారు నాతో.

గౌరి ఆ గీత వెంట సుద్దముక్కతో చుక్కలు పెట్టింది. కత్తెర మాత్రం తను వెయ్యలేదు. ఆవిడ చేతికే ఇచ్చింది.